బీరుట్ 1983: సైనికుల మీద దాడి ఉగ్రవాదమేనా? ఒక పరిశోధనా వ్యాసంపై రివ్యూ

నమస్కారం. ఇవాళ రివ్యూకి తీసుకున్నది ఒక పరిశోధనా వ్యాసం. అమెరికా రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ పేప్ 2003లో రాసింది. ఆత్మాహుతి దాడులు మతోన్మాదం వల్ల జరుగుతాయన్న నమ్మకాన్ని గట్టిగా కుదిపిన వ్యాసం ఇది. 1980 నుంచి 2001 వరకు జరిగిన 188 దాడులను పేప్ ఒకచోట చేర్చారు. వాటిలో చాలావాటి వెనుక ఒకే లక్ష్యం కనిపిస్తుందన్నారు: తమది అనుకున్న నేల మీది నుంచి పరాయి సైన్యాన్ని వెళ్లగొట్టడం. ఆ దాడుల్లో అందరికంటే ముందున్నది మతంతో పనిలేని ఎల్‌టీటీఈ అని కూడా గుర్తుచేశారు. మతమే కారణమనే వాళ్లకు దీనికి జవాబు చెప్పడం అంత తేలిక కాదు.

ఇంతవరకు నాకు నచ్చింది. చిక్కంతా ఆ 188లో ఏ దాడులను లెక్కపెట్టారన్న దగ్గర వస్తుంది.

లెబనాన్ రాజధాని బీరుట్ సంగతే చూద్దాం. 1983 అక్టోబరు 23, ఆదివారం ఉదయం. పేలుడు పదార్థాలు నింపిన ట్రక్కు ఒకటి విమానాశ్రయం దగ్గరున్న అమెరికా మెరైన్ల బస భవనంలోకి దూసుకెళ్లి పేలింది. 241 మంది అమెరికా సైనిక సిబ్బంది చనిపోయారు. కొద్ది నిమిషాల తేడాలో ఫ్రెంచ్ సైనికుల స్థావరంలో మరో పేలుడు జరిగి 58 మంది పోయారు. 1984 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు రీగన్ మెరైన్లను లెబనాన్ నేల మీది నుంచి ఓడల్లోకి తరలిస్తున్నట్టు ప్రకటించారు. దాడి చేసినవాళ్లు కోరుకున్నది జరిగింది. పేప్ వాదనకు ఇది బలమైన ఉదాహరణ.

మరి ఇది ఉగ్రవాదమేనా? అమెరికా చట్టంలోని ఒక ప్రసిద్ధ నిర్వచనం ప్రకారం, రాజకీయ ఉద్దేశంతో, ముందుగా పథకం వేసుకుని, యుద్ధంలో లేని వారిపై ప్రభుత్వేతర బృందాలు లేదా రహస్య ఏజెంట్లు చేసే హింస ఉగ్రవాదం. చనిపోయినవాళ్లు సైనికులు. కానీ వచ్చింది శాంతి పరిరక్షణకు, చాలామంది ఆ సమయంలో నిద్రలో ఉన్నారు. ఆయుధం చేతిలో లేని, విధుల్లో లేని సైనికుడిని కూడా 'యుద్ధంలో లేని వ్యక్తి'గానే చూస్తామని అమెరికా విదేశాంగ శాఖ వివరణ ఇస్తూ వచ్చింది. లెబనాన్ అంతర్యుద్ధంలో ఆ బలగం ఒక పక్షం వైపు మొగ్గిందని నమ్మేవారికి మాత్రం అది యుద్ధ చర్య. నిర్వచనంపై పండితుల మధ్య తగవు ఇలాంటి చోటే మొదలవుతుంది. ప్రభుత్వాలు సొంత ప్రజలను భయపెట్టడానికి చేసే హింసను కూడా ఇందులో చేర్చాలా అన్న మరో పెద్ద తగవు ఉంది. దానికి ఇంకో వీడియో కావాలి.

పేప్ సైనికులపై దాడులనూ లెక్కలోకి తీసుకున్నారు. మరో రాజనీతి శాస్త్రవేత్త మాక్స్ అబ్రహమ్స్ 2006లో వేరే దారి పట్టారు. ఆయన 28 సంస్థలను, వాటి 42 రాజకీయ లక్ష్యాలను పరిశీలిస్తే నెరవేరినవి 3. అవి కూడా ప్రధానంగా సైనిక లక్ష్యాలపై దాడి చేసిన సంస్థలవే. వాటిని గెరిల్లా పోరాటం పద్దులో వేసి, పౌరులను చంపే ఉగ్రవాదం ఫలితం ఇవ్వదని తేల్చారు. అంటే, ఒకే బీరుట్ ఒకరికి ఉగ్రవాదం గెలిచిందనడానికి సాక్ష్యం, మరొకరికి అసలు ఉగ్రవాదమే కాదు. సైనికులపై దాడులను జాబితాలో చేర్చాక 'పరాయి సైన్యమే కారణం' అన్న జవాబు రావడంలో వింతేముంది?

2008లో స్కాట్ ఆష్‌వర్త్, ఆయన సహ రచయితలు ఇంకా లోతైన లోపం పట్టుకున్నారు. పేప్ దగ్గరున్నవన్నీ దాడులు జరిగిన సందర్భాలే. ఆసుపత్రిలో చేరినవాళ్లను మాత్రమే చూసి జబ్బుకి కారణం తేల్చినట్టుంది ఇది. పరాయి సైన్యం ఉండి కూడా ఆత్మాహుతి దాడి జరగని చోట్లతో కూడా పోల్చి చూడకపోతే, సైన్యం ఉనికి ప్రమాదాన్ని ఎంత పెంచిందో చెప్పలేం. పేప్ ఈ విమర్శకు బదులిచ్చారు. నాకు మాత్రం విమర్శే సరైనదనిపిస్తుంది.

పేదరికం గురించి కూడా ఒక మాట. ఆలన్ క్రూగర్, జిత్కా మలెచ్కోవా అనే పరిశోధకులు 2003లో, లెబనాన్ సాయుధ సంస్థ హిజ్బుల్లాలో చనిపోయిన 129 మంది యోధుల వివరాలను ఆ దేశ జనాభాతో పోల్చారు. యోధుల్లో పేదరికం 28 శాతం, జనాభాలో 33 శాతం. చదువులోనూ యోధులే కాస్త ముందున్నారు. ఉగ్రవాదానికి పేదరికమే కారణమన్న సులువైన మాట దీనితో నిలవదు. కానీ వీరిలో చాలామంది సైన్యంతో పోరాడినవాళ్లు, కాబట్టి ఇక్కడా పాత ప్రశ్నే: ఇది ఉగ్రవాదమేనా? పైగా రాజనీతి శాస్త్రవేత్త ఈథన్ బ్యూనో డి మెస్కీటా చెప్పినట్టు, చేరతామని వచ్చిన వారిలో సమర్థులను సంస్థలు ఏరుకుంటాయి. వచ్చినవాళ్లలో పేదలు ఎక్కువున్నా, ఎంపికైనవాళ్లు చదువుకున్నవాళ్లే కావచ్చు.

పేప్ వ్యాసం చదవమంటారా అంటే, చదవమనే అంటాను. ఎల్‌టీటీఈ గురించిన భాగం ఇప్పటికీ పదునుగానే ఉంది. కాకపోతే వాదన చదివే ముందు చివర ఇచ్చిన దాడుల జాబితా తెరిచి, ఎన్ని చోట్ల లక్ష్యం సైనికులో, ఎన్ని చోట్ల పౌరులో విడదీసి చూడండి.