ఫోన్-ఇన్: బండి వేడెక్కుతోంది, మైలేజీ పడిపోయింది

వ్యాఖ్యాత: మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండి.

కాలర్ 1: నమస్కారం సార్. నాది 125 సీసీ బండి, కార్బురేటర్‌ది. లీటరుకు 55 ఇచ్చేది, ఇప్పుడు 40 దాటట్లేదు. పది కిలోమీటర్లు పోతే చాలు, కాళ్లకు సెగ తగులుతోంది. మెట్ట ఎక్కేటప్పుడు టకటకమని మోత. ఆయిల్ వల్లేనంటారా? వేడెక్కుతోందని చిక్కటిది పోయించాను, 20 డబ్ల్యూ 50. మాన్యువల్‌లో మాత్రం 10 డబ్ల్యూ 30 అని ఉంది.

నిపుణుడు: ఆగు తమ్ముడూ. ఆ మోత బండి నిలబడి ఉన్నప్పుడూ ఉంటుందా?

కాలర్ 1: లేదు సార్. టాప్ గేర్లో ఎత్తు ఎక్కుతుంటేనే. యాక్సిలరేటర్ వదిలేస్తే ఆగిపోతుంది.

నిపుణుడు: అయితే టాపెట్ మోత కాదు, నాకింగే, అంటే సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి మండే మోత. మైలేజీ కోసం కార్బురేటర్ స్క్రూ తిప్పించావా?

కాలర్ 1: తిప్పించాను సార్. రెండు నెలల కిందట, పెట్రోల్ తగ్గించమని. అప్పట్నుంచే పికప్ పోయింది.

నిపుణుడు: పెట్రోల్ తగ్గి గాలి ఎక్కువైతే మిశ్రమం పలచబడుతుంది. మంట నెమ్మదిగా సాగి వేడి ఇంజిన్‌కే ఎక్కుతుంది. లాగడం తగ్గిందని నువ్వు యాక్సిలరేటర్ ఇంకా తిప్పుతావు, మిగిలిందనుకున్న పెట్రోల్ అలాగే పోతుంది. కానీ ఆ స్క్రూ ప్రభావం ఐడిల్ నుంచి పావు వంతు థ్రాటిల్ దాకానే. ఎత్తులో నాకింగ్ దాని ఒక్కదాని వల్ల రాదు. ఇంకేం కదిలించారు?

కాలర్ 1: పికప్ పోయిందంటే మాగ్నెట్ దగ్గర ప్లేటు కొంచెం జరిపారు సార్. మళ్లీ అడుగుతున్నానని ఏమనుకోకండి, ఆయిల్ మారిస్తే సరిపోదా?

నిపుణుడు: సరిపోదు బాబూ. అసలు సంగతి ఆ ప్లేటులోనే ఉంది. దాని మీద నిప్పురవ్వ ఎప్పుడు రావాలో చెప్పే పికప్ కాయిల్ ఉంటుంది. మాగ్నెట్ తిరిగే దిక్కుకు ఎదురుగా జరిపితే నిప్పురవ్వ ముందే వస్తుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాన్ని కిందికి తంతుంది. ప్లగ్ విప్పి చూశావా?

కాలర్ 1: చేతిలోనే ఉంది సార్. పింగాణీ సుద్దముక్కలా తెల్లగా ఉంది. మీద మిరియాల పొడిలా చిన్న చుక్కలు, మెరుస్తున్నాయి.

నిపుణుడు: మెరుస్తున్నాయా? బండి తీయకు. అవి అల్యూమినియం చుక్కలు కావచ్చు, అంటే పిస్టన్ దెబ్బతినడం మొదలైనట్టే. ముందు సిలిండర్ హెడ్ విప్పించి పిస్టన్ చూపించు. అది బాగుంటేనే మిగతా పని. ఇంకో మాట, ఒకేసారి రెండు మార్చకండి. ఏది మార్చితే ఏం జరిగిందో తెలియదు.

కాలర్ 1: ముందు ఏది చేయమంటారు సార్?

నిపుణుడు: మొదట ప్లేటు. స్ట్రోబ్ లైటుతో చూస్తే ఐడిల్లో మాగ్నెట్ మీది ఎఫ్ మార్కు, అంటే నిప్పురవ్వ రావాల్సిన చోటు, కేసింగ్ గుర్తుకు ఎదురుగా నిలవాలి. టీ మార్కుతో కలపకు, అది పిస్టన్ పైచివరకు వచ్చిన చోటు. రెండోది, కార్బురేటర్‌కూ హెడ్‌కూ మధ్య రబ్బరు. ఐడిల్లో దాని మీద సబ్బునీళ్లు కొద్దిగా చల్లు. ఆర్‌పీఎం మారితే అక్కడ గాలి లోపలికి పోతున్నట్టు. ఆ తర్వాతే స్క్రూ. ఇంజిన్ వైపున్నది పెట్రోల్ స్క్రూ, బిగిస్తే పలచబడుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపున్నది గాలి స్క్రూ, బిగిస్తే చిక్కబడుతుంది. ఎన్ని చుట్లు వదలాలో మాన్యువల్‌లో ఉంటుంది, ఇంజిన్ వేడెక్కాక సరిచేయించు.

కాలర్ 1: మరి ఆయిల్ సార్...

నిపుణుడు: (నవ్వు) ఆయిల్ కూడా మార్చు. నీ బండికి చెప్పింది 10 డబ్ల్యూ 30. 20 డబ్ల్యూ 50 దానికన్నా చిక్కన. చల్లగా ఉన్నప్పుడు నిదానంగా పారుతుంది, తిప్పడానికి ఇంజిన్ శక్తి తింటుంది, మైలేజీలో కొంత అక్కడ పోతుంది. వేడి తగ్గాలని పోస్తే తగ్గదు, వేడి పుట్టే చోటు వేరే ఉంది. ప్లగ్ మళ్లీ లేత గోధుమరంగులోకి వస్తే మిశ్రమం కుదిరినట్టు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండి. తర్వాతి కాలర్.

కాలర్ 2: సార్, కారు ఆయిల్ పోశాను. ఇంజిన్ అరుస్తోంది, బండి ముందుకు పోవట్లేదు.

నిపుణుడు: క్లచ్ జారుతోందమ్మా. క్లచ్ ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది, చాలా కారు ఆయిళ్లలో జారుడు పదార్థాలు ఉంటాయి. దింపేసి, డబ్బా మీద జాసో ఎంఏ అని, అంటే ఇలా ఆయిల్లో మునిగే క్లచ్‌కు పనికొచ్చే గుర్తు ఉన్నది పోయించండి. అయినా జారుతుంటే ప్లేట్లు చూపించండి.

వ్యాఖ్యాత: ఇంకొకరు ఉన్నారు, క్లుప్తంగా అడగండి.

కాలర్ 3: నాది ఇంజెక్షన్ బండి సార్, వేడెక్కుతోంది. ఆ స్క్రూ నాకు ఎక్కడుంటుంది?

నిపుణుడు: మీకు ఆ స్క్రూ ఉండదండి. చెక్ ఇంజిన్ దీపం వెలుగుతోందా?

కాలర్ 3: అప్పుడప్పుడు వెలుగుతుంది సార్.

నిపుణుడు: అయితే స్కానర్ పెట్టించి కోడ్ చదివించండి. అంతకుముందు ఏ సెన్సరూ మార్చనివ్వకండి. చెప్పాగా, ఒకేసారి రెండు...

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది సార్. ధన్యవాదాలు.