ఒకే బిడ్డ, ఇద్దరు కొలిచేవారు: ఆరు మిల్లీమీటర్ల తేడా ఎక్కడ పుడుతుంది?

(స్టూడియో చర్చా కార్యక్రమం లిఖిత పాఠం. పాల్గొన్నవారు: పిల్లల ఎదుగుదలపై పనిచేసే పరిశోధకురాలు, క్షేత్ర సిబ్బందికి కొలతలు నేర్పే శిక్షకుడు, గణాంక నిపుణుడు.)

వ్యాఖ్యాత: నమస్కారం. నేరుగా ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. సరిగ్గా రెండేళ్లు నిండిన మగబిడ్డ. శిక్షణ పొందిన ఒకరు నిలబెట్టి కొలిస్తే 81.4 సెంటీమీటర్లు, మరొకరు కొలిస్తే 80.8. మేడం, దీన్ని తప్పు అంటామా?

పరిశోధకురాలు: తప్పు అనలేం. కానీ ఈ బిడ్డ విషయంలో ఆ ఆరు మిల్లీమీటర్లే అన్నీ తేల్చేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం ఈ వయసు మగపిల్లలకు గీత 81.0 దగ్గర ఉంది. దానికి దిగువన ఉంటే ఎదుగుదల కుంటుపడినట్టు నమోదవుతుంది. అంటే మొదటి కొలతతో బిడ్డ గీతకు పైన, రెండో కొలతతో కింద. బిడ్డ మాత్రం అదే బిడ్డ.

వ్యాఖ్యాత: మరి ఎంత తేడా వరకు ఒప్పుకోవచ్చు?

పరిశోధకురాలు: ఆ ప్రమాణాలు తయారుచేసిన అధ్యయనంలోనే దీనికి జవాబు ఉంది. 1997 నుంచి 2003 వరకు బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాలలో జరిగింది. మన దేశంలో దక్షిణ ఢిల్లీలో చేశారు. ప్రతి బిడ్డనూ ఇద్దరు విడివిడిగా కొలిచి, ఆ తర్వాతే అంకెలు పోల్చుకునేవారు. పొడవులో, ఎత్తులో 7 మిల్లీమీటర్ల వరకు, బరువులో 100 గ్రాముల వరకు, తల చుట్టుకొలతలో 5 మిల్లీమీటర్ల వరకు తేడా ఉంటే సరే. దాటితే ఇద్దరూ మళ్లీ కొలవాలి. మీరు చెప్పిన 6 మిల్లీమీటర్లు ఆ హద్దుకు లోపలే ఉన్నాయి. అంత పకడ్బందీ అధ్యయనం కూడా దాన్ని దాటనిచ్చేది.

శిక్షకుడు: అయితే అక్కడ ఇద్దరి సగటు తీసుకునేవారు, అది మరచిపోకూడదు. మీ ఉదాహరణలో సగటు 81.1. ఎవరో ఒకరి అంకెతో తీర్పు చెప్పడం లేదు.

వ్యాఖ్యాత: సార్, మీరు శిక్షణ ఇచ్చే చోట ఈ తేడా ఎక్కడ పుడుతుంది? చెయ్యి వణకడం వల్లా?

శిక్షకుడు: చెయ్యి వణకడం చాలా చిన్న సంగతి. పడుకోబెట్టి కొలిచే బల్ల సంగతి చెబుతాను. రెండేళ్లలోపు పిల్లలకు అదే వాడతాం. ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తల వైపు నిలబడి, నడినెత్తి పైపలకకు గట్టిగా ఆనేలా పట్టుకోవాలి. చెవి రంధ్రాన్నీ కంటిగుంట కింది అంచునూ కలిపే గీత బల్లకు నిట్టనిలువుగా ఉండాలి. రెండోవారు ఒక చేత్తో మోకాళ్లు నొక్కి, మరో చేత్తో కదిలే పలకను మడమలకు ఆనించి చదవాలి. తల వైపు మనిషి బిడ్డ ఏడుస్తోందని కాస్త వదిలేస్తే నెత్తికీ పలకకూ మధ్య సందు వస్తుంది, పొడవు ఎక్కువ చూపిస్తుంది. కాళ్ల వైపు మనిషి మోకాళ్లు సరిగా నొక్కకపోతే పొడవు తక్కువ చూపిస్తుంది. జడ, పిలక, తలలో పువ్వులు ఉంటే అదో గొడవ. తల్లి నొచ్చుకుంటుందని పిలక విప్పనివాళ్లు ఉంటారు, తర్వాత ఆ పిలకే పొడవులో కలిసిపోతుంది.

పరిశోధకురాలు: పడుకోబెట్టి కొలిచారా, నిలబెట్టి కొలిచారా అన్నది కూడా చూడాలి. ఒకే బిడ్డకు పడుకున్న పొడవు నిలబడిన ఎత్తు కంటే సుమారు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ. ఒకరు పడుకోబెట్టి, మరొకరు నిలబెట్టి కొలిచి అంకెలు పక్కపక్కన రాస్తే, ఇద్దరి పనితనం బాగున్నా తేడా కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: ఒకరు ఉదయం, మరొకరు సాయంత్రం కొలిస్తే?

పరిశోధకురాలు: పొద్దున లేచినప్పటి ఎత్తు రోజు గడిచేకొద్దీ తగ్గుతుంది. వెన్నుపూసల మధ్య పొరలు నొక్కుకుపోవడం వల్ల పెద్దవాళ్లలో ఒక సెంటీమీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా తగ్గవచ్చు. అది కొలిచేవారి దోషం కాదు. అందుకే ఇద్దరినీ పోల్చేటప్పుడు ఒకరి వెంట ఒకరు కొలవాలి.

వ్యాఖ్యాత: మరి ఈ తేడాను ఒక అంకెగా ఎలా చెబుతారు?

గణాంక నిపుణుడు: కొలతలో సాంకేతిక దోషం అని ఒక లెక్క ఉంది, ఆంగ్ల అక్షరాలతో టెమ్ అంటారు. తెర మీద చూపిస్తున్నాను:

TEM = √(Σd² / 2N)

d అంటే ఒకే బిడ్డకు ఇద్దరి కొలతల మధ్య తేడా, N అంటే పిల్లల సంఖ్య. పది మంది పిల్లలతో చేసి చూపిస్తాను, ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు. మొదటివారి కొలతలోంచి రెండోవారి కొలత తీసేస్తే మిల్లీమీటర్లలో 3, −2, 5, 1, 4, 0, 6, 2, −1, 12 వచ్చాయి అనుకుందాం. వీటి వర్గాల మొత్తం 240. దాన్ని 20తో భాగిస్తే 12, వర్గమూలం సుమారు 3.5. అంటే టెమ్ 3.5 మిల్లీమీటర్లు.

వ్యాఖ్యాత: దాన్ని మామూలు మాటల్లో చెప్పండి.

గణాంక నిపుణుడు: టెమ్‌ను 2.77తో గుణించండి. ఈ ఇద్దరూ ఇలాగే పనిచేస్తూ పోతే, నూటికి 95 సందర్భాల్లో వాళ్ల కొలతల తేడా ఆ హద్దుకు లోపలే ఉంటుందని అంచనా. ఇక్కడ అది దాదాపు ఒక సెంటీమీటరు. చిన్న అంకెలా కనిపించే 3.5 వెనుక ఉన్నది అది.

శిక్షకుడు: ఆ చివరి 12 నన్ను గుచ్చుతోంది. అలాంటి బిడ్డ దగ్గరికి నేను వెంటనే వెళతాను. సాధారణంగా గట్టిగా తన్నుకున్న బిడ్డ అయి ఉంటుంది, మోకాలు ఒకటే నొక్కి ఉంటారు.

గణాంక నిపుణుడు: ఆ ఒక్క బిడ్డను పక్కన పెడితే వర్గాల మొత్తం 96కు పడిపోతుంది, టెమ్ 2.3కు దిగుతుంది. కానీ నచ్చలేదని దాన్ని తీసేయకండి సార్. క్షేత్రంలో తన్నుకునే పిల్లలే ఎక్కువ. మళ్లీ కొలవండి, తీసేయకండి.

శిక్షకుడు: ఒప్పుకుంటాను. అక్కడ మళ్లీ కొలవమంటే ఇద్దరూ కొలవాలి. ఒకరినే కొలవమంటే, పక్కవారి అంకె తెలిసి ఉంటే చెయ్యి తెలియకుండానే అటే జరుగుతుంది.

గణాంక నిపుణుడు: ఇంకొకటి చూడండి. పది తేడాలనూ గుర్తులతో సహా కూడితే 30, అంటే సగటున మొదటివారు 3 మిల్లీమీటర్లు ఎక్కువ చదువుతున్నారు. 12ను వదిలేసినా 2 మిగులుతుంది. ఇది ఒకే దిక్కుకు ఒరిగిన దోషం. టెమ్ ఒక్కటే చూస్తే ఇది కనబడదు, ఎందుకంటే వర్గం చేసినప్పుడు గుర్తు పోతుంది.

వ్యాఖ్యాత: అటూ ఇటూ తిరిగే దోషం కంటే ఇది చెడ్డదా?

గణాంక నిపుణుడు: వేల మంది పిల్లల సర్వేలో చాలా చెడ్డది. పిల్లల ఎత్తులు సగటు చుట్టూ ఎంత పరుచుకుని ఉంటాయో చెప్పే కొలమానం విచలనం. ఇందాక చెప్పిన గీత ప్రమాణపు సగటుకు రెండు విచలనాల కింద ఉంటుంది. ఒక ప్రాంతంలో పిల్లల ఎత్తు ప్రమాణం కంటే సగటున ఒకటిన్నర విచలనం తక్కువగా ఉందనుకోండి, వ్యాప్తి ప్రమాణంలో ఉన్నంతే అనుకోండి. ఎదుగుదల కుంటుపడినవారు నూటికి 31 మంది వస్తారు. ఇప్పుడు కొలిచేవారందరూ 5 మిల్లీమీటర్లు తక్కువ చదివారంటే, రెండేళ్ల వయసులో విచలనం దాదాపు 3 సెంటీమీటర్లు కాబట్టి, ఆ అంకె 37 అవుతుంది. అదే అటూ ఇటూ దోషం సుమారు ఒక సెంటీమీటరు ఉన్నా 31 కాస్త పెరిగి 32 అవుతుంది. మూడు విచలనాల కంటే కింద ఉండే తీవ్రమైన కేసులు మాత్రం వెయ్యికి 67 నుంచి 77కు పెరుగుతాయి. ఎక్కువలు తక్కువలు చెల్లుకుంటాయని చాలామంది అనుకుంటారు. సగటులో చెల్లుకుంటాయి, చివర్లలో చెల్లుకోవు.

వ్యాఖ్యాత: మరి ఈ ఇద్దరిలో ఒరిగింది ఎవరు? మొదటివారా, రెండోవారా?

శిక్షకుడు: ఇద్దరి అంకెలతో అది తేలదు. మూడో మనిషి కావాలి, శిక్షణలో అందరికంటే నిలకడగా కొలిచే నిపుణుడు. అదే పది మందినీ ఆయన కూడా కొలుస్తాడు. మొదటివారు ఆయన కంటే ఎక్కువ చదువుతుంటే, ముందు తల దగ్గర సందు చూస్తాను. రెండోవారు ఆయన కంటే తక్కువ చదువుతుంటే మోకాళ్లు చూస్తాను. ఇంకోటి, ప్రతి కొలిచేవారూ అదే బిడ్డను రెండుసార్లు కొలవాలి. తన మొదటి అంకెకే తాను దూరంగా పోతుంటే, పక్కవారితో పోల్చడం తర్వాతి సంగతి. ఇవన్నీ చేయడానికి ముందు బల్లను చూడాలి. పొడవు తెలిసిన లోహపు కడ్డీని బల్ల మీద పెట్టి రోజూ పొద్దున చదవాలి. బల్ల వంకరగా ఉంటే మనుషులను తిట్టి లాభం లేదు.

పరిశోధకురాలు: అంకెలలోనే పట్టుబడే సంగతులూ ఉన్నాయి. మిల్లీమీటరు వరకు చదివితే చివరి అంకె 0 నుంచి 9 వరకు ఇంచుమించు సమానంగా రావాలి. ఒకరి నమోదులో 0, 5 మాత్రమే కుప్పలుగా ఉన్నాయంటే, వాళ్లు చదవడం లేదు, సర్దుతున్నారు. కొలవకుండానే రాశారనడానికి తిరుగులేని సాక్ష్యం ఇంకోటి: ఇద్దరి కొలతలూ ప్రతి బిడ్డకూ అచ్చుగుద్దినట్టు ఒకటే ఉండడం. పిల్లలు కదులుతుండగా అది సాధ్యం కాదు. అలా వస్తే ఒకరు కొలిచారు, మరొకరు కాపీ కొట్టారు. అందుకే వేర్వేరు ఫారాలు ఇచ్చి, ఇద్దరూ పూర్తి చేశాకే ఎదురెదురుగా పెట్టమంటాం.

వ్యాఖ్యాత: అంగన్‌వాడీ కేంద్రాలకు ఇప్పుడు నిలబెట్టి కొలిచే స్టేడియోమీటర్లు, పడుకోబెట్టి కొలిచే ఇన్‌ఫాంటోమీటర్లు ఇచ్చారు. కానీ అక్కడ కొలిచే మనిషి ఒక్కరే కదా. రెండో మనిషి ఎక్కడి నుంచి వస్తారు?

శిక్షకుడు: పడుకోబెట్టి కొలవడానికి మాత్రం ఒంటరిగా పని జరగదు. ఆయా గానీ తల్లి గానీ తల పట్టుకోవాలి. అందుకే తల ఎలా పట్టుకోవాలో తల్లికి ప్రతిసారీ చూపించాలి, అదే అసలు దోషం పుట్టే చోటు.

గణాంక నిపుణుడు: సూపర్‌వైజర్ వచ్చిన రోజు కొందరు పిల్లలను అక్కడికక్కడే, టీచర్ అంకె చూడకుండా మళ్లీ కొలిస్తే చాలు. అందరినీ కొలవనవసరం లేదు. పదిమందికి తేడాలు రాసుకుని కూడితే ఒరుగుదల బయటపడుతుంది.

పరిశోధకురాలు: గీతకు కింద పడిన పిల్లలను మాత్రమే ఎంచుకుని కొలవకండి, ఆ తప్పు చాలాచోట్ల చేస్తారు. కింద పడిన పిల్లలనే మళ్లీ కొలిస్తే, పొరపాటున కింద పడినవారు పైకి వస్తారు, పొరపాటున పైన ఉన్నవారు అలాగే మిగిలిపోతారు. లెక్క మొత్తం ఒక దిక్కుకు జరుగుతుంది. హాజరు పట్టీలో ప్రతి మూడో పేరు అని పెట్టుకోండి, ఎవరు వస్తే వాళ్లు.