పసుపుపచ్చ గోళ్ల ఫొటో రివ్యూ: కామెర్లా, మరకా?

నమస్కారం. ఈ రోజు రివ్యూకి ఒకే చేతి ఫొటోలు రెండు తీసుకున్నాను. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో పసుపు కొమ్ములు ఏరే ఒక అక్క పంపించారు. ఆమె అనుమతితోనే చూపిస్తున్నాను. "గోళ్లు ఇలా అయ్యాయి, కామెర్లు వచ్చాయా డాక్టరమ్మా?" అని అడిగారు.

మొదటి ఫొటో రాత్రి బల్బు వెలుతురులో తీసింది. చేతి కింద ఉన్న నోటుపుస్తకం కాగితం చూడండి, అదీ పసుపుపచ్చగానే ఉంది. తెల్ల కాగితమే ఇలా కనిపిస్తుంటే గోటి రంగు గురించి నేనేం చెప్పగలను? పగటిపూట, వసారా నీడలో, ఫ్లాష్ లేకుండా మళ్లీ తీయమన్నాను.

ఇదిగో రెండోది. కాగితం తెల్లబడింది, గోళ్ల రంగు మాత్రం పోలేదు. చూపుడువేలిని పెద్దది చేస్తున్నాను. గోటి మొదట్లో సన్నని గులాబీ పట్టీ, దాని తర్వాత పసుపు. ఆ రెండూ కలిసే గీత వంపు గమనించండి. గోటి మొదట్లోని చర్మం అంచు ఎలా వంగిందో, గీతా అలాగే వంగింది. బయటి నుంచి అంటిన రంగు ఆ చర్మం దగ్గరే ఆగిపోతుంది, గోరు పెరిగేకొద్దీ ఆ వంపుతోనే ముందుకు జరుగుతుంది. రంగు లోపలి నుంచి వస్తే, గీత సాధారణంగా గోటి మొదట్లోని తెల్లటి అర్ధచంద్రాన్ని అనుసరించి ఎదురు దిశలో వంగుతుంది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఈ పట్టీ వెడల్పూ దాదాపు అంతే. పని మానేసి నెలయిందని ఆమె చెప్పారు. లెక్క కుదిరింది, ఇది పసుపు మరకే.

అంతమాత్రాన కామెర్లు లేవని ఈ ఫొటో చెప్పదు. దానికి కంటి తెల్లగుడ్డు చూడాలి, రక్తంలో బిలిరుబిన్ పరీక్షించాలి.

పక్క నుంచి వెలుతురు పడటం వల్ల ఇంకొకటి బయటపడింది. అన్ని గోళ్ల మీదా ఒకే వరుసలో అడ్డంగా ఒక గాడి. మొదలు నుంచి 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంది, అంటే రెండు నెలల కిందట గోటి పెరుగుదల కాస్త ఆగింది. అప్పుడేమైనా జబ్బు చేసిందా అని అడిగితే టైఫాయిడ్ అన్నారు. గాడి సమయం చెప్పింది గానీ జబ్బు పేరు చెప్పలేదు. నిలువు గీతలుంటే కంగారు పడకండి, వయసుతో చాలామందికి వస్తాయి.

గోళ్ల చివర్లు పొరలుగా చీలాయి. తరచూ నీళ్లలో నాని ఆరే చేతుల్లో ఇది మామూలే. గోరు మెత్తబడిందా, గట్టిగానే ఉందా అన్నది వేలితో వంచి చూస్తేనే తెలుస్తుంది. రక్తహీనతా అంతే, పాలిపోయినట్టు కనిపించినా హిమోగ్లోబిన్ చూడాల్సిందే.

నాకు అనుమానం మిగిలింది బొటనవేలి మీదే. అక్కడ గులాబీ పట్టీ లేదు, గోరు మందంగా, చివర పైకి లేచినట్టుంది. ఫంగస్ కావచ్చు, పసుపు మరక దాన్ని కప్పేస్తుంది. ముక్క కత్తిరించి, పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, మైక్రోస్కోపు కింద చూడాలి. అందుకే ఆ గోటికి ఏ మందూ రాయకుండా, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోని చర్మవ్యాధుల విభాగానికి వెళ్లమని చెప్పాను.