సన్నటి బెలూన్‌లో అరబిక్ మాట

హోస్ట్: నమస్కారం. జపనీస్ కామిక్స్ అయిన మాంగాని అరబిక్‌లోకి తెచ్చేటప్పుడు లెటరింగ్ చేసే, అంటే పాత్రల మాటల్ని బెలూన్లలో పేర్చే మిత్రురాలు ఈరోజు మనతో ఉన్నారు. మాంగా కూడా కుడి నుంచి ఎడమకే కదండీ, అరబిక్‌కి మార్చడం తేలికే అనుకున్నాను.

అతిథి: గడుల వరుస వరకు తేలికేనండి. బొమ్మను ముట్టుకోనక్కర్లేదు. అసలు ఇబ్బంది బెలూన్‌తో. జపనీస్‌ని పై నుంచి కిందికి రాస్తారు కాబట్టి బెలూన్లు పొడుగ్గా, సన్నగా ఉంటాయి. అరబిక్ అడ్డంగా సాగుతుంది. పైగా చాలా అక్షరాలు ఒకదానికొకటి కలిసిపోతాయి. మాటను మధ్యలో విరిచి కింది లైన్లో వేయడం కుదరదు.

హోస్ట్: ఫాంట్ సైజు తగ్గిస్తే?

అతిథి: అక్కడే చుక్కలు అడ్డొస్తాయి. మాట మధ్యలో ‘త’కి, ‘థ’కి గీత ఒకటే. పైన రెండు చుక్కలుంటే ‘త’, మూడుంటే ‘థ’. బాగా చిన్నది చేస్తే చుక్కలు అతుక్కుపోతాయి. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే అంతా బాగానే ఉంటుంది. అందుకే నేను పేజీని అసలు సైజులో ప్రింట్ తీసి చూస్తాను.

హోస్ట్: మరి ఏం చేస్తారు?

అతిథి: మాటే మారుస్తాం. ‘అయితే వాళ్లకు సాయం చేస్తాం’ అనేది అరబిక్‌లో ఒక్క మాట: ఫసనుసాఇదుహుమ్. అరబిక్ లిపిలో తొమ్మిది అక్షరాలు. మన తెలుగులాగే అన్నీ కలిపేస్తారు, కాకపోతే కొన్ని ముందు కూడా తగులుతాయి. బెలూన్‌లో ఏడే పడతాయనుకోండి. మొదటి ‘ఫ’ అంటే ‘అయితే’. ముందు బెలూన్‌లో ఆ సంబంధం తెలిసిపోతే దాన్ని తీసేయొచ్చు. అయినా ఎనిమిది. తర్వాతి ‘స’ భవిష్యత్తుకు గుర్తు. దాని బదులు ‘సౌఫ’ అనే విడి మాట ఉంది. అప్పుడు పై లైన్లో సౌఫ, కింద నుసాఇదుహుమ్. మొత్తం పది అక్షరాలయ్యాయి, కానీ వెడల్పు ఏడుకి దిగింది. పొడుగు బెలూన్‌కి కావలసింది అదే.

హోస్ట్: అక్షరాలు పెరిగినా ఇమిడిందన్నమాట! అమెరికన్ కామిక్స్ సంగతేంటి?

అతిథి: అవి ఎడమ నుంచి కుడికి. వరుస మార్చకపోతే అరబిక్ పాఠకుడు జవాబు ముందు చదివి, ప్రశ్న తర్వాత చదువుతాడు. పేజీ మొత్తాన్ని అద్దంలోలా తిప్పేస్తే గడులు, బెలూన్లు రెండూ సర్దుకుంటాయి. కానీ కుడిచేతి వాటం మనిషి ఎడమచేత్తో కత్తి పడతాడు, దుకాణం బోర్డు తిరగబడుతుంది. బోర్డులు, చొక్కా మీది అక్షరాలు ఒక్కొక్కటీ మళ్లీ సరిచేయాలి. కథలో ‘కుడివైపు తిరుగు’ అన్న మాట ఉంటే అనువాదం కూడా మార్చాల్సిందే. అందుకే తిప్పిన తర్వాతే అనువాదకుడికి పేజీలు చూపించాలని పట్టుబడతాను.

హోస్ట్: భాష రాని డిజైనర్ తప్పుని ఎలా పట్టుకోవాలి?

అతిథి: ఏ అక్షరానికి ఆ అక్షరం విడివిడిగా నిలబడితే సాఫ్ట్‌వేర్‌లో అరబిక్ సెట్టింగ్ పెట్టలేదని అర్థం. అక్షరాల మధ్య ఖాళీ పెంచినా కలయిక తెగుతుంది. ఇక ఆశ్చర్యార్థకం వాక్యానికి ఎడమ చివర ఉండాలి. కుడివైపు కనిపిస్తే ఆ బెలూన్‌లో పేరా దిశ తప్పింది.