సేఫ్ పీరియడ్ లెక్క ఎక్కడ తప్పుతుంది?

నమస్కారం. "నెలసరికి ముందు వారం, తర్వాత వారం సేఫ్" అన్న మాటను నమ్ముకొని వేరే ఏ గర్భనిరోధకమూ వాడని జంటలు మన చుట్టూ చాలామంది ఉన్నారు. ఆ లెక్క ఎలా వేస్తారో, ఎలాంటి నెలలో అది దెబ్బతింటుందో ఈ వీడియోలో ఒక ఉదాహరణతో చూద్దాం.

విడుదలైన అండం ఒక రోజుకు మించి బతకదు. వీర్యకణాలు మాత్రం గర్భాశయ ముఖద్వారం నుంచి వచ్చే అనుకూలమైన స్రావంలో 5 రోజుల వరకు బతికి ఉండగలవు. కాబట్టి అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు 5 రోజులు గర్భం వచ్చే అవకాశం ఉన్న రోజులు. అయితే ఆ విడుదల ఎప్పుడన్నది ముందుగా ఎవరూ కచ్చితంగా చెప్పలేరు.

క్యాలెండర్ పద్ధతిలో కనీసం 6 నెలసరి చక్రాలు రాసుకొని, వాటిలో అతి చిన్నదాని నుంచి 18, అతి పెద్దదాని నుంచి 11 తీసివేస్తారు. ఒకామెకు అవి 26, 31 రోజులు అనుకుందాం; అప్పుడు నెలసరి మొదలైన రోజును 1వ రోజుగా లెక్కిస్తే, 8వ రోజు నుంచి 20వ రోజు వరకు దూరంగా ఉండాలి. ఈ నెల ఆమెకు 10వ రోజున గట్టిగా జ్వరం వచ్చి, అండం విడుదల 23వ రోజుకు జరిగిందనుకోండి. లెక్క ప్రకారం 21వ రోజు సేఫ్, కానీ నిజానికి అది గర్భం నిలిచే అవకాశం బాగా ఉన్న రోజు. గడిచిన నెలలను బట్టి వేసిన లెక్కకు ఈ నెల జ్వరం సంగతి తెలియదు. కేవలం తేదీలతో అంచనా వేసే మొబైల్ యాప్‌లకూ ఇదే పరిమితి ఉంది.

అదే ఆమె స్రావాన్ని గమనించి ఉంటే 21వ రోజున అది పచ్చి గుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా, జారుడుగా, వేళ్ల మధ్య సాగుతూ కనిపించి హెచ్చరించి ఉండేది. ఆ జారుడుతనం కనిపించిన చివరి రోజు తర్వాత మరో 3 రోజులు ఆగాలి. అయితే అది చివరి రోజని తెలిసేది స్రావం మారిపోయాకే. పైగా జ్వరం వచ్చిన నెలలో జారుడు స్రావం మొదలై, ఆగి, మళ్లీ మొదలుకావచ్చు. మొదటిసారి ఆగగానే గండం గడిచిందనుకుంటే పొరపాటే. ముందురోజు కలయిక వల్ల మిగిలిన వీర్యం, ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే తెల్లబట్ట, కొన్ని జలుబు మాత్రలు కూడా ఈ గుర్తులను కప్పేస్తాయి.

స్రావం పద్ధతిని నియమం తప్పకుండా పాటిస్తే ఏడాదిలో 100 మందిలో దాదాపు ముగ్గురికి గర్భం వస్తుంది. మామూలు వాడకంలో ఆ సంఖ్య 23 వరకు ఉంటుంది. ఈ తేడాను ఆడవాళ్ల అజాగ్రత్త అనడం అన్యాయమని నా అభిప్రాయం, ఎందుకంటే చక్రంలో దాదాపు సగం రోజులు ఆగడానికి భర్త కూడా ఒప్పుకోవాలి.

ప్రసవం తర్వాత పాలిస్తున్నవారు, ఇటీవలే గర్భనిరోధక మాత్రలు మానినవారు, నెలసరి క్రమం తప్పినవారు క్యాలెండర్ లెక్కపై ఆధారపడకూడదు. వారు కండోమ్ వాడుతూ, తమకు సరిపోయే మరో పద్ధతి గురించి గైనకాలజిస్టును అడగాలి.