పాలు తోడు వేయడానికి ఎంతసేపు ఆగాలి?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఇంటి పనుల్లో ఎదురయ్యే సందేహాలకు ఈ రోజు భౌతికశాస్త్రం మాస్టారు సమాధానాలు చెబుతారు. మొదటి ఫోను ఆదిలాబాద్ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మాస్టారూ. రోజూ రెండు లీటర్ల పాలు కాచి, మూత పెట్టి, టేబుల్ ఫ్యాను ముందు చల్లారబెడతాను. సరిగ్గా 2 గంటల 40 నిమిషాలకు తోడు వేస్తాను. వర్షాకాలంలో పెరుగు గడ్డలా తోడుకుంటుంది. చలికాలం వచ్చిందంటే తెల్లారినా పాలు పాలలాగే ఉంటాయి. ఎండాకాలంలో పుల్లబడిపోయి తేట నీరు వదులుతుంది. గడియారం తప్పకుండా చేస్తున్నాను, మరి ఎందుకిలా?

మాస్టారు: గడియారం తప్పకపోవడం వల్లే అలా అవుతోందమ్మా. పాల వేడి ఎప్పుడైనా కొలిచి చూశారా?

శ్రోత: వర్షాకాలంలో ఒకసారి చూశానండి. మా అబ్బాయి వంటింటి థర్మామీటరు తెచ్చాడు. ఫ్యాను ముందు పెట్టినప్పుడు 90 డిగ్రీలు. అరగంటకు 75. గంటకు 64. గదిలో 30 ఉంది.

మాస్టారు: చాలా చక్కగా కొలిచారు. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు, వంటింటిదే కావాలి. ఇప్పుడు మీ అంకెలనే చూద్దాం. మొదటి అరగంటలో 15 డిగ్రీలు తగ్గాయి, రెండో అరగంటలో 11 మాత్రమే. చల్లారడం నెమ్మదించింది కదా? పాల వేడి కాకుండా, పాలకూ గదికీ ఉన్న తేడా చూడండి. మొదట 60, తర్వాత 45, తర్వాత 34. ప్రతి అరగంటకూ తేడాలో నాలుగింట మూడు వంతులు మిగులుతోంది.

వ్యాఖ్యాత: అంటే తగ్గే డిగ్రీలు మారుతున్నాయి, మిగిలే వాటా మాత్రం మారడం లేదు.

మాస్టారు: అదే ఇందులోని కీలకం. వేడి బయటికి పోయే వేగం తేడాను బట్టి ఉంటుంది. తేడా సగమైతే వేగమూ సగమవుతుంది. విద్యార్థులు వింటుంటే సూత్రం రాసుకోండి: T = Ts + (T0 − Ts) × e^(−kt). T పాల ఉష్ణోగ్రత, Ts గది ఉష్ణోగ్రత, T0 మొదటి ఉష్ణోగ్రత, t గడిచిన నిమిషాలు, k ఎంత త్వరగా చల్లారుతుందో చెప్పే సంఖ్య. ఈ అమ్మగారి గిన్నెకు k విలువ నిమిషానికి సుమారు 0.0096. తోడు వేయడానికి 43 డిగ్రీలు బాగుంటుంది, అంటే గదికంటే 13 ఎక్కువ. 60 తేడా 13కు దిగడానికి లెక్క కడితే 160 నిమిషాలు వస్తుంది. మీ 2 గంటల 40 నిమిషాలు అదే!

శ్రోత: మా అత్తగారు చెప్పిన సమయం అండీ అది. అరగంటకు 15 డిగ్రీలు కదా, గంటన్నర చాలునేమో అని నేను అనుకునేదాన్ని.

మాస్టారు: అలా వేసి ఉంటే పాలు ఇంకా 55 డిగ్రీల మీదే ఉండేవి. అంత వేడిలో తోడులోని సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. మీ అత్తగారి లెక్క వర్షాకాలానికి సరైనదే. ఇప్పుడు చలికాలం చూడండి. గది 20 డిగ్రీలు అనుకుందాం. తేడా 70తో మొదలవుతుంది. అదే 160 నిమిషాలకు 15 మిగులుతుంది, అంటే పాలు 35కు వచ్చేశాయి. నిజానికి 2 గంటలు కూడా పూర్తి కాకముందే, 116వ నిమిషంలోనే 43కు దిగాయి. ఎండాకాలంలో గది 35 ఉంటే 160 నిమిషాలకు పాలు ఇంకా 47 దగ్గర ఉంటాయి. 43 రావడానికి 3 గంటల 20 నిమిషాలు పడుతుంది. 47లో తోడు వేసి, ఆ వేడి గదిలోనే తెల్లవార్లూ ఉంచితే పులుపు ఎక్కి నీరు వదలడంలో వింత లేదు.

శ్రోత: చలికాలంలో 2 గంటలకే వేస్తే సరిపోతుందా మరి?

మాస్టారు: సగం పనే అవుతుంది. తోడు వేశాక కూడా పాలు చల్లారుతూనే ఉంటాయి కదమ్మా. అక్కడా ఇదే నియమం. ఫ్యాను ముందే వదిలేస్తే 23 డిగ్రీల తేడా 4 గంటల్లో రెండు డిగ్రీలకు పడిపోతుంది, పాలు 22కు వస్తాయి. అప్పుడు తోడుకోవు. ఫ్యాను తీసేసి గిన్నెను మందపాటి దుప్పటిలో చుట్టారనుకోండి. అరగంటకు తేడాలో నూటికి 95 వంతులు నిలిస్తే, 4 గంటల తర్వాత కూడా పాలు 35 దగ్గర ఉంటాయి. చల్లార్చేటప్పుడు k పెద్దదిగా, తోడు వేశాక చిన్నదిగా ఉండాలి. చలికాలపు కిటుకంతా ఇదే.

వ్యాఖ్యాత: మాస్టారూ, ఫ్యాను లేకుండా వదిలేసినా ఈ నియమం పనిచేస్తుందా?

మాస్టారు: పనిచేస్తుంది, కొంచెం గాడి తప్పుతుంది. నిశ్చలమైన గాలిలో వేడి గిన్నె తన చుట్టూ ఉన్న గాలిని తానే పైకి లేపుకుంటుంది, తేడా తగ్గేకొద్దీ ఆ కదలికా తగ్గుతుంది. కాబట్టి వాటా నిలకడగా ఉండదు. 1701లో న్యూటన్ దీన్ని ప్రచురించినప్పుడు, కాలిన ఇనుమును ఒకే తీరుగా వీచే గాలిలో పెట్టినట్టు రాశారు. నాకు ఆ జాగ్రత్త చాలా ఇష్టం. మూత కూడా ముఖ్యమే. మూత లేకుండా పొగలు కక్కే పాలు ఆవిరితో అదనంగా వేడి పోగొట్టుకుంటాయి, మొదటి అరగంట లెక్క అందదు. వరుసగా రెండు అరగంటలు కొలవండి. మిగిలిన వాటా రెండుసార్లూ దాదాపు ఒకటే వస్తే లెక్కను నమ్మవచ్చు. వేరువేరుగా వస్తే మరో అరగంట ఆగి మళ్లీ కొలవాలి. కొలిచే ముందు గరిటెతో ఒకసారి కలపడం మరిచిపోకండి, అంచుకూ మధ్యకూ తేడా ఉంటుంది.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. విజయనగరం నుంచి మరొకరు.

శ్రోత: నమస్కారమండీ. మా గృహప్రవేశానికి 16 లీటర్ల పాలు ఒకే గుండిగలో తోడు పెట్టాలి. రెండు లీటర్లకు 160 నిమిషాలైతే మాకు ఎనిమిది రెట్లు పడుతుందా?

మాస్టారు: అంత పట్టదు బాబూ. గుండిగ అదే ఆకారంలో, వెడల్పూ ఎత్తూ రెండింతలు ఉందనుకుందాం. పాలు ఎనిమిది రెట్లు, వేడి పోయే ఉపరితలం నాలుగు రెట్లు. కాబట్టి సమయం రెండింతలు, దాదాపు 5 గంటల 20 నిమిషాలు.

శ్రోత: అంతసేపు ఆగలేం. చన్నీళ్ల తొట్టిలో దించితే?

మాస్టారు: త్వరగా చల్లారుతుంది, నీరు గాలికంటే బాగా వేడి లాగుతుంది. కానీ తొట్టి చిన్నదైతే నీళ్లే వేడెక్కుతాయి. అప్పుడు Ts మారిపోతుంది, ఏ లెక్కా అందదు. నీళ్లు మారుస్తూ, పాలు కలుపుతూ, ప్రతి 5 నిమిషాలకూ కొలవండి. 43 రాగానే గుండిగను నీళ్లలోంచి బయటికి తీసేయండి.

శ్రోత: రెండు లీటర్ల గిన్నెలు ఎనిమిది తీసుకుంటే?

మాస్టారు: అదే మేలు. గిన్నెల మధ్య గాలి ఆడేలా ఎడంగా పెట్టండి, ఒకదానికొకటి ఆనిస్తే మళ్లీ పెద్ద గుండిగ లెక్కే అవుతుంది.