ఇంటర్న్‌షిప్ ఫారంలో మూడు ఎందుకు పడుతుంది, ఐదు ఎందుకు పడుతుంది

(విజయవాడలో ఒక డిగ్రీ కళాశాల బీకాం చివరి ఏడాది విద్యార్థుల ముందు, ట్యాక్స్ కన్సల్టెన్సీ ఆఫీసు నడిపే ఒక మేడమ్ చేసిన ప్రసంగం)

లెక్చరర్లకు నమస్కారం. పిల్లలూ, అందరికీ నమస్తే.

మీలో చాలామంది ఇంకొన్ని రోజుల్లో గవర్నర్‌పేటలోనో సూర్యారావుపేటలోనో ఏదో ఒక ఆడిటర్ ఆఫీసులో, ట్యాక్స్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్‌కి చేరతారు. ఉన్నత విద్యామండలి నమూనా ప్రకారం మీ చేతికి ఒక పుస్తకం వస్తుంది. ఏ రోజు ఏం పని చేశారో రాసి మా చేత సంతకం పెట్టించుకునే పేజీలు అందులోనే ఉంటాయి. చివర్లో మీకు మీరు మార్కులు వేసుకునే పేజీ ఒకటి, మేం వేసే పేజీ ఒకటి ఉంటాయి. ఒకటి నుంచి ఐదు దాకా వెయ్యాలి, ఐదు అన్నిటికన్నా ఎక్కువ. మీరు వేసుకున్నది చూసి మేం వెయ్యకూడదని అందులోనే రాసి ఉంటుంది. నేను మాట్లాడబోయేది ఆ రెండో పేజీ గురించి.

ముందు మా వైపు ఏం జరుగుతుందో చెబుతాను. ఇంటర్న్ చివరి రోజు ఫారం తెచ్చి టేబుల్ మీద పెడతారు. మాటతీరు, రాత, చొరవ, నేర్చుకునే శక్తి, పని నాణ్యత, టైం పాటించడం... ఇలా పదిహేను దాకా వరసలుంటాయి. ఆఖరి వరస మొత్తం మీద పనితీరు. కాగితం మీద అది చివర ఉంటుంది గానీ సూపర్‌వైజర్ మనసులో ముందు తేలేది అదే. 'మంచి అమ్మాయి, నాలుగు' అనుకున్నామంటే మిగతా గడులన్నీ ఆ నాలుగు చుట్టూనే తిరుగుతాయి. ఏ గడి గురించైనా మాకు ఫలానా సంగతి అంటూ ఏదీ గుర్తు రాకపోతే అక్కడ మూడు పడుతుంది. మూడు అంటే మీరు మధ్యరకంగా చేశారని కాదు, ఆ విషయంలో మీరు చేసింది మా కంట పడలేదని. ఇంటర్న్‌లు పోగొట్టుకునే మార్కుల్లో ఎక్కువ భాగం ఇలా పోయేవే.

ఇప్పుడు ఒక పని తీసుకుని చూద్దాం. మా ఆఫీసుల్లో ఇంటర్న్‌కి ఎక్కువగా అప్పజెప్పేది టూబీ మ్యాచింగ్. వ్యాపారి కొన్న సరుకు మీద కట్టిన జీఎస్‌టీని తన పన్నులోంచి తగ్గించుకోవాలంటే, ఆ బిల్లు జీఎస్‌టీ పోర్టల్లో అతని పేరు మీద తయారయ్యే జీఎస్‌టీఆర్-2బి స్టేట్‌మెంట్లో కనిపించాలి. అమ్మినవాళ్లు నెల నెలా రిటర్ను వేసేవాళ్లైతే 11వ తేదీలోపు తమ అమ్మకాలు చూపించాలి. 14న 2బి తయారవుతుంది. 20వ తేదీకి మనం పన్ను లెక్క కట్టి 3బి రిటర్ను వెయ్యాలి. అంటే షాపువాళ్ల కొనుగోలు రిజిస్టరును 2బి తో సరిపోల్చడానికి మనకి మిగిలేది ఐదారు రోజులు. ఆఫీసు ఊపిరి తీసుకోనిది ఆ రోజుల్లోనే. మీ మార్కులు చాలావరకు తేలేది కూడా ఆ రోజుల్లోనే.

వన్‌టౌన్ వస్త్రలతలో ఒక బట్టల షాపు లెక్క మా దగ్గర చేస్తున్న అమ్మాయికి ఇచ్చాం. మొదటి నెల ఆ అమ్మాయి ఎక్సెల్ షీటు తెచ్చి, 'మేడమ్, 23 బిల్లులు మ్యాచ్ కాలేదు' అంది. లెక్క కరెక్టే, చెప్పిన టైంకే తెచ్చింది. కానీ ఆ షీటు నా చేతికొచ్చాక ఆ 23 బిల్లులూ మళ్లీ నేనే ఒక్కొక్కటీ చూసుకోవాలి. ఆ రోజు ఫారం నింపమని ఉంటే పని నాణ్యతలో మూడు వేసేదాన్ని. అది న్యాయమైన మూడే.

రెండో నెల అదే షాపు, దాదాపు అలాంటి షీటే. ఈసారి ఆఖర్న ఒక కాలమ్ పెంచింది: 'కారణం'. ఈ నెల కూడా మ్యాచ్ కానివి 23. వాటిలో 11 బిల్లులు నిజానికి 2బి లో ఉన్నాయి, నంబరు రాసిన తీరు వేరు. మన రిజిస్టరులో SVT/0187 అని ఉంటే అమ్మినవాళ్లు SVT/187 అని వేశారు. తేదీ, అమౌంటు, జీఎస్‌టీ నంబరు సరిపోయాయి కాబట్టి అవి ఒకటే అని పక్కన రాసింది. ఏడు బిల్లులు, అమ్మినవాళ్లు 11 దాటాక రిటర్ను వేసినవి. అవి వచ్చే నెల 2బి లోకి వస్తాయి, అప్పటిదాకా ఆ క్రెడిట్, అంటే ఆ పన్ను తగ్గింపు, తీసుకోకూడదు. మిగిలిన ఐదూ నిజంగా లేవు. వాటికి పార్టీ పేరు, ఫోన్ నంబరు, ఎంత పన్ను ఆగిందో రాసి పైన పెట్టింది.

ఆ ఐదింట్లో పెద్దది సూరత్ పార్టీ బిల్లు. సరుకు విలువ 48,000, ఐదు శాతం చొప్పున పన్ను 2,400. ఆ అమ్మాయి షాపు గుమస్తాకి ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. 'గుమస్తా గారూ, నమస్తే అండి, ట్యాక్స్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. సూరత్ వాళ్ల 48,000 బిల్లు పోర్టల్లో రాలేదండి. బిల్లు మీద మన జీఎస్‌టీ నంబరు ఉందా లేదా ఒకసారి చూస్తారా?' నంబరు ఉంది. తర్వాత సూరత్ వాళ్లని అడిగితే తేలింది, వాళ్ల క్లర్కు ఆ బిల్లుని రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారుల అమ్మకాల్లో కలిపేశాడు. అలా కలిపితే అది ఎవరి 2బి లోకీ రాదు. వాళ్లు తర్వాతి రిటర్నులో సవరిస్తేనే మనకి కనిపిస్తుంది. 'ఈ నెల 2,400 తీసుకోవద్దు, వాళ్లు సవరించాక తీసుకోవాలి' అని షీట్లో రాసి నాకిచ్చింది.

ఈ ఒక్క పనితో ఎన్ని గడులు నిండాయో చూడండి. పని నాణ్యత సరే. అడక్కుండా కారణం కాలమ్ పెట్టింది, అది చొరవ. నేను మళ్లీ అడగక్కర్లేకుండా రాసింది, అది రాత. పోయిన నెలకీ ఈ నెలకీ తేడా కళ్ల ముందుంది, అది నేర్చుకునే శక్తి. ఫారంలో సమాజంతో మెలగడం గురించి కూడా వరస ఉంటుంది. ఆఫీసులో కూర్చుని చేసే పనికి అదేమిటో సూపర్‌వైజర్లకే తోచదు, కళ్లు మూసుకుని మూడు వేస్తారు. గుమస్తాతో మర్యాదగా మాట్లాడి పని రాబట్టుకున్న ఆ ఫోను నేను విన్నాను కాబట్టి ఆ గడిలో ఐదు వెయ్యగలిగాను.

మాటతీరు గడి గురించి తెలుగు మీడియం పిల్లలు భయపడుతుంటారు, అందుకే ఇది విడిగా చెబుతున్నాను. అక్కడ మేం చూసేది ఇంగ్లీషు కాదు. పార్టీ ఎవరు, బిల్లు ఏది, ఎంత, మనకేం కావాలి, ఈ నాలుగూ అవతలివాళ్లు మళ్లీ అడగకుండా ఒక్కసారిలో చెప్పగలిగారా లేదా, అంతే. ఆ ఫోన్ అంతా తెలుగులోనే సాగింది.

ఇప్పుడు ఇంకో అబ్బాయి సంగతి. ఎక్సెల్‌లో ఆ అమ్మాయి కన్నా చురుకు. వీలుకప్, పివట్ అన్నీ చకచకా చేసేస్తాడు. ఒక నెల వాడిచ్చిన షీట్లో తేడా సున్నా వచ్చింది. నాకు అనుమానం వేసింది. అన్ని ఊళ్ల నుంచి సరుకు తెచ్చుకునే షాపుకి తేడా సున్నా రావడం చాలా అరుదు. పోర్టల్ నుంచి 2బి మళ్లీ డౌన్‌లోడ్ చేసి చూస్తే, వాడి షీట్లో ఉన్న మూడు బిల్లులు అసలు 2బి లో లేవు. తేడా కనపడితే తిడతామనుకుని వాటిని తనే చేర్చాడు. 3బి అలాగే వేసుంటే రాని క్రెడిట్ వాడుకున్నట్టయ్యేది. తర్వాత అది వడ్డీతో కట్టాల్సింది ఆ వ్యాపారి. వృత్తి నిబద్ధత గడిలో వాడికి రెండు వేశాను. పని నాణ్యతలో కూడా తగ్గించాను, ఎందుకంటే ఆ తర్వాత వాడి ప్రతి షీటూ రెండోసారి చూసుకోవాల్సి వచ్చింది. తేడా ఉందని చెప్పిన ఇంటర్న్‌కి ఏ ఆఫీసులోనూ మార్కులు పోవు. తేడా కనిపెట్టడానికే మిమ్మల్ని అక్కడ కూర్చోబెట్టేది. తప్పు జరిగితే 16న చెప్పండి, సరిచేసుకోవడానికి టైముంటుంది. 20న సాయంత్రం చెబితే అదే తప్పుకి టైం పాటించడంలో కూడా కోత పడుతుంది.

డైరీ సంగతికొస్తే, రోజూ 'జీఎస్‌టీ పని చేశాను' అని రాసుకొచ్చే పుస్తకాలే ఎక్కువ. అది చదివితే మాకేమీ గుర్తు రాదు. 'బట్టల షాపు 2బి మ్యాచింగ్. 11 బిల్లులు నంబరు తేడా అని తేలింది. సూరత్ బిల్లుకి ఫోన్ చేశాను' అని రెండు ముక్కలు రాయండి. షాపు పేరు, జీఎస్‌టీ నంబరు మాత్రం రాయకండి, ఆ పుస్తకం కాలేజీకి వెళుతుంది, క్లయింటు లెక్కలు బయటికి పోకూడదు. ఈ జాగ్రత్త మీ అంతట మీరు తీసుకున్నారని గమనిస్తే వృత్తి నిబద్ధతలో నేను వెంటనే ఒక మార్కు పెంచుతాను. సంతకాలు వారం వారం పెట్టించుకోండి. చివర్లో పుస్తకమంతా ఒక్కసారే తెచ్చి సంతకాలు పెట్టమంటే, మొదటి రెండు నెలల్లో మీరు చేసింది ఆఫీసులో ఎవరికీ గుర్తుండదు. ఆఖరి వారంలో జరిగిందే మార్కవుతుంది. ఆ వారం ఏ జ్వరమో వచ్చి రెండు రోజులు సెలవు పెట్టారనుకోండి, అదే మనసులో ఉండిపోతుంది.

మొదటి నెల పూర్తయ్యాక ఒక మాట అడగండి. 'మేడమ్, ఈ ఫారం ఇవాళే నింపాల్సి వస్తే ఏ గడిలో తక్కువ వేస్తారు?' ఖాళీ ఫారం చేతిలో పెట్టుకుని అడిగితే ఇంకా మంచిది. 'నేనెలా చేస్తున్నాను మేడమ్' అని అడిగితే 'బాగానే చేస్తున్నావమ్మా' అంటాం, దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. గడి పేరెత్తి అడిగితే ఆలోచించి చెబుతాం. చెప్పాక ఆ గడి మీదే మా కన్ను ఉంటుంది, మీరు మారితే అది మాకు తప్పకుండా కనపడుతుంది. ఆ అమ్మాయి కారణం కాలమ్ పెట్టింది ఇలా అడిగిన తర్వాతే.

అన్ని గడుల్లోనూ ఐదు వెయ్యమని బతిమాలకండి. పదిహేనుకి పదిహేనూ ఐదులున్న ఫారం చూస్తే, సూపర్‌వైజర్ చదవకుండా గీత గీశారని మీ లెక్చరర్లకి తెలిసిపోతుంది. వైవాలో ప్రశ్నలు గట్టిగా పడతాయి. నిజమైన నాలుగుల మధ్య నాలుగైదు ఐదులుంటే, ఆ ఐదులకి మీ దగ్గర చెప్పడానికి ఒక సంగతి ఉంటుంది.

ఇక ఫారం ఎప్పుడు ఇవ్వాలి? ట్యాక్స్ ఆఫీసులో 10, 11 తేదీల్లో, 18 నుంచి 20 దాకా ఇవ్వకండి. ఆ రోజుల్లో ఎవరిచ్చినా నిలబడే నింపేస్తాం. 22 తర్వాత ఇవ్వండి, రెండు రోజులు ఉంచుకోమని చెప్పండి. దాంతోపాటు ఒక కాగితం జతపెట్టండి. మీ చేతిలో ఉన్న పనులేవి, ఏది ఎక్కడిదాకా వచ్చింది, ఎవరికి ఫోన్ చెయ్యాల్సి ఉంది, ఫైలు ఏ ఫోల్డర్లో ఉంది, అన్నీ ఒక్క పేజీలో. సూరత్ వాళ్లు ఆ బిల్లు సవరించారో లేదో వచ్చే నెల 14న చూడాలని ఆ అమ్మాయి కాగితంలో మొదటి లైనుగా రాసింది.